ఫోన్ వీపుకి కార్డు ఆనిస్తే డబ్బులెలా పడతాయి?

మా బావది తెనాలిలో చిన్న స్టీలు సామాన్ల కొట్టు. కార్డులు తీసుకునే యాప్ ఒకటి ఫోన్లో వేయించుకుని, మొదటి రోజే నాకు ఫోన్ చేశాడు. "ఇది మనకి అచ్చిరాదులే బావా, మామూలు స్వైపింగ్ మిషనే తెప్పించుకుంటా" అన్నాడు. ఏం జరిగిందంటే, ఒకావిడ కూతురి సారె సామాన్లు కొన్నారట. బిల్లు 4,350 రూపాయలు. క్రెడిట్ కార్డు తీశారు. బావ యాప్‌లో మొత్తం కొట్టి, ఫోన్‌ని కౌంటర్ మీద పెట్టి "ఇక్కడ ఆనించండమ్మా" అన్నాడు. ఆవిడ కార్డుని స్క్రీన్ మీద ఆనించారు. ఏమీ కాలేదు. ఫోన్ కిందకి దూర్చారు. అప్పుడూ ఏమీ కాలేదు. చివరికి ఆవిడ పక్క ఏటీఎంకి వెళ్లి డబ్బు తెచ్చి ఇచ్చారు.

ఆదివారం నేను వెళ్లినప్పుడు అదే కౌంటర్ దగ్గర, నా కార్డుతోనే ప్రయత్నించాం. ఫోన్‌ని చేత్తో జానెడు ఎత్తు లేపి, కెమెరా కింద వీపు భాగానికి కార్డు ఆనించగానే టింగుమంది. బావ కౌంటర్ పైన పరిచి ఉన్నది స్టీలు రేకు. తప్పు యాప్‌ది కాదు, రేకుది.

ఈ రేకు సంగతి అర్థమైతే మొత్తం వ్యవహారంలో సగం అర్థమైనట్టే. కార్డులో బ్యాటరీ ఉండదు. ప్లాస్టిక్ లోపల అంచుల వెంబడి సన్నటి రాగి తీగ చుట్టలా తిరిగి చిప్‌ని కలుస్తుంది. ఫోన్లో ఎన్‌ఎఫ్‌సి అనే భాగం 13.56 మెగాహెర్ట్జ్ దగ్గర చిన్న అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రంలోకి కార్డు రాగానే తీగలో కరెంటు పుడుతుంది, దాంతోనే చిప్ నిద్ర లేస్తుంది. ఇదంతా మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలోనే. కార్డు వెనక లోహపు రేకు ఉంటే ఆ రేకులోనూ కరెంటు పుట్టి, ఫోన్ క్షేత్రాన్ని ఎదిరిస్తుంది. కార్డుకి అందాల్సిన శక్తి అందదు. ఫోన్ కవర్ వెనక అయస్కాంతపు హోల్డర్ కోసం అతికించే చిన్న ఇనప బిళ్ల కూడా ఇదే పని చేస్తుంది. కారులో ఫోన్ పెట్టుకునేవాళ్లు ముందు ఆ బిళ్ల పీకేయాలి.

ఇక స్క్రీన్ మీద ఆనించడం. ఎక్కువ ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎన్‌ఎఫ్‌సి యాంటెనా వీపు వైపు, కెమెరా కిందో నడిమధ్యనో ఉంటుంది. ఒక్కో ఫోన్‌కి ఒక్కో చోటు. యాప్ తొలిసారి తెరిచినప్పుడే సొంత కార్డుతో ఆ చోటు వెతికి పట్టుకుని, అక్కడ ఒక రంగు స్టిక్కర్ అంటించుకుంటే కస్టమర్ తడుముకోవాల్సిన పని ఉండదు. పర్సుతో సహా ఆనించేవాళ్లు కూడా ఉంటారు. పర్సులో రెండు బ్యాంకు కార్డులో, ఒక మెట్రో కార్డో ఉంటే అన్నీ ఒకేసారి పలుకుతాయి, ఫోన్ ఏదీ చదవదు. కార్డు బయటికి తీయమనడమే దారి.

అన్ని ఫోన్లకీ ఈ భాగం ఉండదు. చవక ఫోన్లలో చాలావాటికి లేదు. సెట్టింగ్స్‌లో పైనుండే వెతికే పెట్టెలో `NFC` అని కొడితే స్విచ్ కనిపించాలి. కనిపించకపోతే ఏ యాప్ వేసినా లాభం లేదు.

ఆ ఒక్క సెకనులో

కస్టమర్ల భయం ఒకటే: "నా కార్డు మీ ఫోన్‌కి ఆనిస్తే వివరాలన్నీ మీ ఫోన్లో ఉండిపోవా?" దీనికి కొట్టువాడి దగ్గర సరైన సమాధానం ఉండాలి. ఊరికే "ఏం కాదమ్మా" అంటే నమ్మరు.

చిప్ నిద్ర లేవగానే ఫోన్ దాన్ని అడిగే మొదటి ప్రశ్న, నువ్వు రూపే కార్డువా, వీసావా, మాస్టర్‌కార్డువా అని. తర్వాత బిల్లు మొత్తం, తేదీ, అప్పటికప్పుడు తయారు చేసిన ఒక యాదృచ్ఛిక సంఖ్య చిప్‌కి పంపుతుంది. చిప్ తన లోపలి రహస్య తాళంతో, ఇప్పటిదాకా ఎన్నిసార్లు వాడారో లెక్కపెట్టే అంకెతో కలిపి వీటన్నిటినీ కలగలిపి ఒక చిన్న సంకేతం తయారు చేస్తుంది. ఆ సంకేతం ఒక్క లావాదేవీకే పనికొస్తుంది. రహస్య తాళం మాత్రం చిప్ దాటి బయటికి రాదు. దానికి జోడు తాళం కార్డిచ్చిన బ్యాంకు దగ్గర ఉంటుంది. బ్యాంకు తనూ అదే లెక్క వేసి చూసి, సంకేతం సరిపోతేనే ఖాతా వైపు చూస్తుంది. ఎవరైనా ఆ సంకేతాన్ని కాజేసి రేపు మళ్లీ పంపితే లెక్కపెట్టే అంకె పాతది కనుక బ్యాంకు తిప్పికొడుతుంది.

కార్డు నంబరూ, గడువు తేదీ మాత్రం ఫోన్‌కి చేరతాయి, అది దాచాల్సిన నిజం కాదు. కాకపోతే యాప్ వాటిని అక్కడికక్కడే గుప్త రూపంలోకి మార్చి పైకి పంపేస్తుంది. కొట్టువాడికి కనిపించేవి చివరి నాలుగు అంకెలే. వెనక ముద్రించి ఉండే మూడంకెల సీవీవీ చిప్‌లో ఉండదు కాబట్టి ఆనిస్తే అది చదవడం అనే ప్రశ్నే లేదు.

ఈ కథలో కొట్టువాడు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. టింగుమనే శబ్దం కార్డు చదవడం అయిపోయిందని చెబుతుంది, అంతే. కార్డు తీసేయొచ్చు అని దానర్థం. డబ్బు సంగతి ఆ తర్వాత తేలుతుంది. ఫోన్ నుంచి యాప్ కంపెనీకి, అక్కడి నుంచి కొట్టు తరఫు బ్యాంకుకి, రూపే, వీసా లాంటి కార్డు నెట్‌వర్క్‌కి, కార్డిచ్చిన బ్యాంకుకి వెళ్లి మళ్లీ అదే దారిన జవాబు తిరిగి రావాలి. సిగ్నల్ బాగుంటే రెండు మూడు సెకన్లు. టింగు వినగానే సంచీ చేతికిచ్చేసిన వాళ్లు, స్క్రీన్ మీద తర్వాత వచ్చిన ఎర్ర గుర్తు చూసి కస్టమర్ వెనక పరిగెత్తిన సందర్భాలు ఉన్నాయి. మా బావే ఒకసారి పరిగెత్తాడు.

5,000 గీత

మన దేశంలో కార్డు కొట్టులో వాడితే పిన్ కొట్టాలన్నది రిజర్వ్ బ్యాంకు నియమం. చిన్న మొత్తాలకి ఆనించి పోయే సదుపాయం ఇచ్చారు. మొదట పరిమితి 2,000 రూపాయలు, 2021 జనవరి 1 నుంచి 5,000. అది ఒక్కో లావాదేవీకి పై హద్దు. కార్డిచ్చిన బ్యాంకో, కార్డుదారో ఇంకా తగ్గించుకోవచ్చు.

5,000 దాటితే పిన్ కావాలి. ఇక్కడే యాప్‌లు రెండు రకాలుగా చీలిపోతాయి. దానికి కారణం చరిత్రలో ఉంది. కార్డుల భద్రతా ప్రమాణాలు రాసే పీసీఐ సంస్థ 2019 డిసెంబరులో, అదనపు పరికరం లేకుండా ఫోన్‌తోనే కార్డు చదవడానికి ఒక ప్రమాణం విడుదల చేసింది. అందులో పిన్ తీసుకోవడానికి వీల్లేదు. మామూలు ఫోన్ స్క్రీన్ మీద పిన్ కొట్టించడం అప్పటికి అంత నమ్మకమైన పని కాదు. 2022 నవంబరులో వచ్చిన కొత్త ప్రమాణం, కార్డు చదవడాన్నీ పిన్ తీసుకోవడాన్నీ ఒకే ఫోన్లో కలపడానికి దారి తెరిచింది. పాత పద్ధతిలో తయారైన యాప్ 5,000 దగ్గర ఆగిపోతుంది. కొత్త పద్ధతి యాప్ కార్డు చదివాక స్క్రీన్ మీద అంకెల పలక చూపిస్తుంది.

యాప్ అమ్మడానికి వచ్చినవాళ్లని అడగాల్సిన మొట్టమొదటి ప్రశ్న ఇదే: "5,000 పైన బిల్లుకి పిన్ మీ యాప్‌లో కొట్టొచ్చా?" మిగతావన్నీ తర్వాత. ఇడ్లీ పాత్రలు, గ్లాసులు అమ్ముకునే రోజుల్లో మా బావకి ఆ గీతతో పనే లేదు. మాఘమాసం వచ్చి పెళ్లి సామాన్లు మొదలైతే సగం బిల్లులు గీత దాటతాయి.

గీత దాటిన బిల్లుని రెండు ముక్కలు చేసి రెండుసార్లు ఆనిద్దామనిపిస్తుంది. 6,200 బిల్లయితే ఒకటి 3,000, ఇంకొకటి 3,200. చేయకూడదు. పరిమితి తప్పించుకోవడానికి బిల్లు చీల్చడం కార్డు నెట్‌వర్క్‌ల నియమాలకి విరుద్ధం. ఒకే కార్డు, ఒకే కొట్టు, రెండు నిమిషాల తేడా అంటే బ్యాంకు కంప్యూటర్‌కి దొంగ వ్యవహారంలాగే కనిపిస్తుంది. రేపు ఆ కస్టమర్ తకరారు పెడితే కొట్టువాడి వాదన నిలబడదు. అలాంటప్పుడు యూపీఐ అడగడమో, యాప్‌లోంచే పేమెంట్ లింక్ పంపడమో మేలు. లింక్‌లో కార్డు నంబరు కొట్టి ఓటీపీతో కడతారు.

పిన్ పలక ఉన్న యాప్‌లో ఫోన్‌ని కస్టమర్ చేతికి ఇవ్వాలి. "నంబరు చెప్పండి, నేను కొడతా" అన్న మాట పొరపాటున కూడా రాకూడదు. స్క్రీన్ మీద చుక్కలే కనిపిస్తాయి, స్క్రీన్‌షాట్ తీయడం కుదరదు. కొన్ని యాప్‌లలో అంకెల వరస ప్రతిసారీ మారుతుంది, పెద్దవాళ్లు దీనికి కొంచెం తికమక పడతారు.

ఇంతా చేసి, 5,000 లోపు బిల్లుకే కార్డు తిరస్కరించడం మామూలుగా జరుగుతుంది. దాని వెనక తరచుగా ఉండే కారణం ఒకటుంది. 2020లో వచ్చిన రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డులో చిప్ పెట్టి వాడే పద్ధతి మాత్రమే తెరిచి ఉంటుంది. ఆనించి వాడటం, ఆన్‌లైన్, విదేశీ వాడకం మూసి ఉంటాయి. కార్డుదారు తన బ్యాంకు యాప్‌లోకి వెళ్లి తెరుచుకోవాలి. కార్డు మీద నాలుగు వంపు గీతల గుర్తు ఉన్నా సరే, ఆ స్విచ్ మూసి ఉంటే టింగుమంటుంది కానీ తర్వాత ఎర్ర గుర్తు వస్తుంది. తేడా పట్టుకోవడం సులువు: టింగే రాకపోతే రేకో, కవరో, ఆనించిన చోటో కారణం. టింగుమని తర్వాత తిరస్కరిస్తే కార్డు వైపు సంగతి. అప్పుడు "మీ బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్‌లో కాంటాక్ట్‌లెస్ ఆన్ చేసి ఉందో చూడండి సార్" అంటే చాలామందికి అక్కడికక్కడే అయిపోతుంది.

నాలుగు గీతల గుర్తు అసలు లేని పాత కార్డు అయితే ఫోన్ చేయగలిగింది ఏమీ లేదు. చిప్ దూర్చడానికి ఫోన్‌కి సందు లేదు, గీకడానికి గాడి లేదు. స్వైపింగ్ మిషనుకీ దీనికీ అసలు తేడా అదే. ఊళ్లో జన్‌ధన్ ఖాతాల పాత రూపే కార్డులతో వచ్చేవాళ్లు ఎక్కువగా ఉండే కొట్టుకి ఈ యాప్ సగం పనే చేస్తుంది.

బావ చేతికి ఎంత వచ్చింది

ఇప్పుడు ఆ 4,350 బిల్లునే తీసుకుందాం. ఆవిడది క్రెడిట్ కార్డు. క్రెడిట్ కార్డు మీద కొట్టు కట్టే రుసుముకి రిజర్వ్ బ్యాంకు గరిష్ఠ పరిమితి పెట్టలేదు, ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. లెక్క కోసం 1.8 శాతం అనుకుందాం. రుసుము 78 రూపాయల 30 పైసలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 14 రూపాయల 9 పైసలు. బావ ఖాతాలో పడేది 4,257 రూపాయల 61 పైసలు.

అదే బిల్లు వీసా డెబిట్ కార్డుతో కడితే కథ మారుతుంది. డెబిట్ కార్డుకి 2018 నుంచి పరిమితి ఉంది. ముందటి ఏడాది అమ్మకాలు 20 లక్షల లోపు ఉన్న కొట్టుకి 0.40 శాతం మించకూడదు, ఒక్క లావాదేవీకి 200 రూపాయలు దాటకూడదు. 20 లక్షలు దాటితే 0.90 శాతం, 1,000 రూపాయల హద్దు. బావ చిన్న కొట్టే కాబట్టి రుసుము 17 రూపాయల 40 పైసలు, జీఎస్టీ 3 రూపాయల 13 పైసలు. 4,329 రూపాయల 47 పైసలు వస్తాయి. రూపే డెబిట్ కార్డు అయితే 2020 జనవరి నుంచి ఆ రుసుమే లేదు, 4,350కి 4,350. ఇంకో చిన్న వెసులుబాటు, 2,000 లోపు కార్డు బిల్లుల మీద ఈ రుసుముకి జీఎస్టీ పడదు.

యాప్ పెట్టించేవాళ్లు "1.8 శాతమండీ, అన్నిటికీ ఒకటే" అంటే అక్కడే ఆపాలి. డెబిట్‌కి వేరు, రూపే డెబిట్‌కి సున్నా, అవి కాగితం మీద విడివిడిగా ఉండాలి. డెబిట్ కార్డుతో కట్టినందుకు ఆ రుసుముని కస్టమర్ బిల్లులో కలిపి వసూలు చేయడం కూడా కుదరదు. మిషనుకైతే నెలనెలా అద్దె ఉంటుంది, యాప్‌కి సాధారణంగా ఉండదు. క్రెడిట్ కార్డులు నెలకి నాలుగైదు వచ్చే కొట్టుకి యాప్ లాభమనేది ఈ అద్దె దగ్గరే.

అమెరికా నుంచి సంక్రాంతికి వచ్చినవాళ్లు విదేశీ కార్డు ఇస్తే? ఖాతాకి విదేశీ కార్డుల అనుమతి విడిగా ఉండాలి, రుసుమూ ఎక్కువే. ముందే అడిగి పెట్టుకోకపోతే కౌంటర్ దగ్గర తిరస్కరిస్తుంది, బంధువు మొహం చిన్నబుచ్చుకుంటాడు.

యాప్ మొరాయించినప్పుడు

ఒక రోజు బావ యాప్ తెరిస్తే లోపలికే వెళ్లనివ్వలేదు. ఫోన్ సురక్షితం కాదని ఒక సందేశం. ఏమీ మార్చలేదంటాడు. కారణం మా మేనల్లుడు. ఫోన్ చురుగ్గా పనిచేయాలని యూట్యూబ్‌లో చూసి సెట్టింగ్స్‌లో `Developer options` తెరిచి పెట్టాడు. ఈ యాప్‌లు తెరిచిన ప్రతిసారీ ఫోన్‌ని తనిఖీ చేస్తాయి. ఫోన్ లోపలి రక్షణ తాళాలు తీసేసి రూట్ చేసి ఉందా, `Developer options`, `USB debugging` ఆన్‌లో ఉన్నాయా, స్క్రీన్‌ని ఇంకెక్కడికైనా చూపించే యాప్ నడుస్తోందా, యాప్‌ని ఎవరైనా మార్చారా అని చూస్తాయి. మిషను అయితే విప్పితే పాడైపోయేలా తయారు చేసిన పెట్టె. ఫోన్ అలా కాదు, అందుకే ఈ తనిఖీ. స్విచ్ ఆపేసి ఫోన్ రీస్టార్ట్ చేస్తే యాప్ మళ్లీ తెరుచుకుంది. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన పాత ఫోన్ని కూడా యాప్ ఒక రోజు కాదనొచ్చు. పాత ఫోన్ ఒకటి మూలపడి ఉంది కదా, దాన్ని దీనికి వాడేద్దాం అనుకునేవాళ్లు ఇది చూసుకోవాలి. యాప్‌ని ప్లే స్టోర్ నుంచే దింపుకోవాలి, ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫైలు నుంచి కాదు.

దీనికంటే టెన్షన్ పెట్టేది ఇంకొకటి. కార్డు చదివింది, స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంది, చివరికి పెండింగ్ అని వచ్చింది. కస్టమర్ ఫోన్‌కి మాత్రం డబ్బు పోయినట్టు మెసేజ్ వచ్చింది. కొట్టువాడి చెయ్యి వెంటనే మళ్లీ ఆనించమనడానికి వెళ్తుంది. అక్కడే రెండుసార్లు కోత పడుతుంది. ముందు యాప్‌లో లావాదేవీల జాబితా తెరిచి, రిఫ్రెష్ చేసి చూడాలి. చాలాసార్లు జవాబు ఆలస్యంగా వచ్చి సక్సెస్ అని మారుతుంది. ఫెయిల్ అని తేలితేనే రెండోసారి.

కోత పడి కొట్టుకి ధ్రువీకరణ రాకపోతే ఆ డబ్బు కస్టమర్ ఖాతాకి దానంతట అదే తిరిగి వెళ్లాలి. 2019 సెప్టెంబరు నాటి రిజర్వ్ బ్యాంకు నియమం దీనికి లావాదేవీ రోజు తర్వాత ఐదు రోజులు గడువిచ్చింది. అది దాటితే కార్డుదారుకి రోజుకి 100 రూపాయల పరిహారం. ఆ మాట కస్టమర్‌కి చెప్పి, యాప్‌లో కనిపించే 12 అంకెల ఆర్‌ఆర్‌ఎన్ సంఖ్యని బిల్లు వెనక రాసిస్తే సగం గొడవ అక్కడే తగ్గిపోతుంది. బ్యాంకువాళ్లు ఏ వైపు నుంచి వెతికినా ఆ సంఖ్యతోనే వెతుకుతారు. కాగితపు స్లిప్ ఇందులో రాదు కాబట్టి మెసేజ్‌లో వెళ్లే రసీదు లింకూ, ఈ సంఖ్యా తప్ప చేతిలో ఆధారం ఉండదు.

నమోదు సంగతి రెండు మాటల్లో. పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, కొట్టు ఉన్నట్టు ఒక రుజువు, ఉంటే జీఎస్టీ నంబరు, కొట్టు ఫోటో అడుగుతారు. వ్యాపారం పేరు ఎలా నమోదు చేస్తే కస్టమర్ స్టేట్‌మెంట్లో అలాగే వస్తుంది. బావ తన ఇంటిపేరుతో పెట్టించాడు, బోర్డు మీద ఇంకో పేరు ఉంది. నెల తిరక్కుండానే ఒకాయన "ఇదెవరు, నేనెప్పుడు కట్టాను" అని బ్యాంకులో తకరారు పెట్టాడు. బిల్లు కాపీ, ఆర్‌ఆర్‌ఎన్ చూపించాక సర్దుకుంది. తర్వాత బోర్డు మీది పేరుకే మార్పించుకున్నాడు. డబ్బు సాధారణంగా మర్నాడు పనిదినానికి పడుతుంది, శనివారం సాయంత్రం అమ్మకం సోమవారం దాకా కనిపించకపోతే కంగారు పడక్కర్లేదు.

మా బావ ఇప్పుడు కౌంటర్ మీద ఫోన్ పెట్టడం మానేశాడు. స్టీలు రేకు మీద ఒక చెక్క పీట వేసి, దాని మీద ఫోన్‌ని నిలబెట్టే ప్లాస్టిక్ స్టాండు పెట్టాడు. వీపు కస్టమర్ వైపు ఉంటుంది, స్టిక్కర్ మీద ఆనిస్తారు, స్క్రీన్ తన వైపు ఉంటుంది. మాఘమాసానికి ముందు మాత్రం పిన్ పలక ఉన్న యాప్‌కి మారాలా, మూడు నెలలకి మిషను అద్దెకి తీసుకోవాలా అని ఇంకా లెక్కలు వేస్తున్నాడు. పోయిన ఏడాది పెళ్లి బిల్లులు ఎన్ని 5,000 దాటాయో పుస్తకం తిరగేస్తున్నాడు.